స్పర్శ తొడుగులా, టచ్ గ్లౌజులా?

సందేహం: మాది ఆదిలాబాద్‌లో చిన్న బట్టల దుకాణం. చేతికి వేసుకుని కూడా ఫోన్ వాడుకోగలిగే గ్లౌజులు ఈ చలికాలం తెప్పించాను. బోర్డు మీద ‘వేడి స్పర్శ తొడుగులు’ అని రాయించమని ఒక మాస్టారు చెప్పారు. ‘గ్లౌజులు’ అనడమే తప్పని కూడా అన్నారు. నిజమేనా? ఏమని రాయించాలి?

సమాధానం: ‘గ్లౌజులు’ తప్పు కాదండీ. ఇంగ్లిషులో ‘గ్లవ్స్’ అప్పటికే బహువచనం, దానికి మళ్లీ ‘లు’ ఎందుకన్నది మాస్టారి అభ్యంతరం అయ్యుంటుంది. కానీ మన చెవికి అది బహువచనంలా వినపడలేదు. ‘ఒక గ్లౌజు ఎక్కడో పడిపోయింది’ అంటాం. సాక్సు, సాక్సులు కూడా ఇలా వచ్చినవే. అరువు మాట తెలుగులోకి వచ్చాక తెలుగు పద్ధతిలోనే నడుస్తుంది. ‘చేతితొడుగు’ కూడా మంచి మాటే, కానీ మీ దుకాణానికి వచ్చి ఆ మాటతో అడిగేవారు అరుదు.

‘స్పర్శ’ దగ్గర మాత్రం నాకు పేచీ ఉంది. చలికి కొంకర్లు పోయినప్పుడు ‘వేళ్లకు స్పర్శ తెలియట్లేదు’ అంటాం. అంటే స్పర్శ ఒంటికి తెలిసేది. ‘స్పర్శ తొడుగులు’ అని చదివినవారు, వేసుకున్నా చేతికి తగిలేది తెలుస్తుంది కాబోలు అనుకుంటారు. ఇక్కడ తెలియాల్సింది వేలికి కాదు, ఫోన్‌కి.

ఫోన్‌కి ఎలా తెలుస్తుందో చూస్తే సరైన క్రియ ఏదో కూడా తేలుతుంది. మనం ‘ఫోన్ నొక్కు’ అంటాం, నిజానికి ఆ అద్దానికి నొక్కుడుతో పని లేదు. అద్దం కింద కంటికి కనపడని విద్యుత్ గళ్లు ఉంటాయి. మన ఒళ్లు విద్యుత్తును పోనిస్తుంది కాబట్టి వేలు దగ్గరికి రాగానే ఆ గళ్లలోని విద్యుదావేశం కాస్త మారుతుంది. ఆ మార్పునే ఫోన్ ‘తాకడం’గా లెక్కిస్తుంది. మందపాటి ఉన్ని మధ్యలో ఉంటే విద్యుత్తు దాన్ని దాటి రాదు, వేలికీ అద్దానికీ దూరం కూడా పెరుగుతుంది. అప్పుడు ఎంత గట్టిగా నొక్కినా వేళ్ల నొప్పే మిగులుతుంది. అందుకే ఈ రకం గ్లౌజుల్లో వేలికొనల దగ్గర వెండి పూత వేసిన నైలాన్ దారమో, రాగి దారమో, అలాంటి మరో దారమో కలిపి అల్లుతారు. అది వేలికీ అద్దానికీ మధ్య దారి వేస్తుంది.

ఆ దారి ఎక్కడ తెగుతుందో నాకు స్వయంగా తెలిసొచ్చింది. వేళ్లు పొడుగున్న జత ఒకటి కొన్నాను. బొటనవేలు పని చేసేది, చూపుడువేలు పని చేసేది కాదు. గ్లౌజు చివర పట్టి చూస్తే నా వేలు దాటి అరంగుళం ఖాళీ బట్ట వేలాడుతోంది. అద్దాన్ని తాకుతున్నది ఆ ఖాళీ కొన, లోపల వేలు లేదు. ఒక సైజు తక్కువ తీసుకుంటే అదే రకం చక్కగా పని చేసింది. మీ దగ్గరికి వచ్చినవారి చేత గ్లౌజు వేయించి, వాళ్ల ఫోన్‌లోనే కాలిక్యులేటర్ తెరిపించి, 1 నుంచి 9 దాకా చూపుడువేలితో ఒకసారి, బొటనవేలితో ఒకసారి కొట్టించండి. అంకె జారినా, రెండోసారి తాకాల్సి వచ్చినా సైజు మార్చండి. అలాగని బిగుతుగా ఉండేదీ ఇవ్వకండి. చేతిని పిండేస్తే లోపల గాలి నిలవదు, రక్తం సరిగా ఆడదు, వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి.

దీంతో ‘వేడి’ సంగతి కూడా తేలుతుంది. వేడి పుట్టించేది వేరు, ఉన్న వేడిని పోనివ్వక వెచ్చగా ఉంచేది వేరు. నీళ్లు వేడి, దుప్పటి వెచ్చన. ‘వేడి గ్లౌజులు’ అంటే బ్యాటరీతో కాగే రకం అనుకుంటారు. మీవి అల్లిక గ్లౌజులైతే వెచ్చదనం అల్లికలో నిలిచే గాలి వల్ల వస్తుంది. తెల్లవారుజామున బండి మీద వెళ్లేవారికి మాత్రం ఆ మాట కూడా గట్టిగా చెప్పకండి. ఎదురుగాలి అల్లికలోంచి దూరి ఆ వెచ్చదనాన్ని ఎత్తుకుపోతుంది. వాళ్లకి పైన గాలి దూరని మరో జత కావాలి. బండి ఆపి పై జత తీసి, లోపలి పల్చటి దాంతో ఫోన్ తాకుతారు.

బోర్డుకి నా సలహా: ‘ఫోన్ టచ్ పనిచేసే చలి గ్లౌజులు’. చలికోటు ఎలాగో చలి గ్లౌజులు అలాగే, ఎవరికీ వివరించనక్కర్లేదు. ‘టచ్’ను ఇక్కడ తెలుగు చేయకపోవడమే మేలు. ‘నా ఫోన్ టచ్ పోయింది’ అని ఊరంతా అనే మాట అది. కింద చిన్న అక్షరాల్లో ‘వేలిముద్ర పడదు, పిన్ కొట్టాలి’ అని కూడా రాయించండి. వేలిముద్ర గీతలు బట్ట మీంచి ఫోన్‌కి అందవు. ఆ ముక్క ముందే చెప్పకపోతే, గ్లౌజులు పాడయ్యాయని రెండో రోజే తిరిగి తెస్తారు.