వేరే ఊరికి మారుతున్నామని కవర్ మెయిల్‌లో ఎలా రాయాలి?

"విజయవాడలో ఐదేళ్లుగా అకౌంట్స్ పని చేస్తున్నాను. మావారికి పుణె ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడి కంపెనీలకి అప్లై చేస్తుంటే ఒక్క కాల్ కూడా రావడం లేదు. ఊరు మారుతున్న సంగతి మెయిల్‌లో రాయాలా? రాస్తే ఎక్కడ, ఎంత?"

రాయాలండి, అదీ మొదటి రెండు మూడు వాక్యాల్లోనే. రాజమండ్రి నుంచి చెన్నై వెళ్లేటప్పుడు నేను ఆ సంగతి మెయిల్ చివర్లో "ఎక్కడికైనా వస్తాను" అని ముక్తసరిగా రాసేదాన్ని. నెలన్నర పాటు ఎవరూ పలకలేదు. పైన రెజ్యూమెలో రాజమండ్రి అడ్రస్ కనిపించగానే పక్కన పెట్టేస్తారు, ఇక చివరి దాకా చదివేదెవరు?

హెచ్ఆర్ వాళ్ల భయాలు తెలిస్తే ఏం రాయాలో తెలుస్తుంది. ఈవిడ నిజంగా వస్తుందా, ఎప్పుడొస్తుంది, ఇంటర్వ్యూకి ఎలా, సామాను ఖర్చు మనల్ని అడుగుతుందా? తర్వాత నేను ఇంగ్లీషులో రాసి పంపినదాని సారం ఇదీ:

"మా కుటుంబం జూన్ మొదటి వారంలో చెన్నైకి మారుతోంది, ఇల్లు తీసుకున్నాం. ప్రస్తుత ఉద్యోగంలో నా చివరి రోజు మే 31. జూన్ 10 నుంచి చేరగలను. మొదటి రౌండ్లు వీడియోలో, చివరిది నేరుగా వచ్చి ఇవ్వగలను. మారే ఖర్చు మాదే."

అంతే, ఐదు వాక్యాలు. సబ్జెక్ట్ లైన్లో కూడా ఉద్యోగం పేరు పక్కన "జూన్ నుంచి చెన్నైలో" అని చేర్చాను. రెజ్యూమెలో అడ్రస్ దగ్గర రెండు ఊళ్లూ పెట్టాను. కొత్త ఊరు ఒక్కటే పెడదామని అనిపిస్తుంది, వద్దు. "రేపు పదకొండుకి ఆఫీసుకి రండి" అని ఫోన్ వస్తే అప్పుడేం చెప్తారు?

ఖర్చు మాట మాత్రం మీరు ఎలాగూ మారుతున్నారు కాబట్టే రాయండి. ఆ ఉద్యోగం కోసమే ఊరు మారేవాళ్లయితే మెయిల్‌లో ఆ ఊసెత్తకుండా, ఆఫర్ చేతికొచ్చే ముందు అడగడం మేలు.

తేదీ దగ్గర నేనొకసారి దెబ్బ తిన్నాను. ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ రాకముందే ఏప్రిల్ అని రాసేశాను. రెండు రౌండ్లు అయ్యాక జూన్‌కి జరిగిందని చెప్తే, ఆ తర్వాత వాళ్లు ఫోన్ ఎత్తలేదు. మీకు ఆర్డర్ వచ్చి ఉంటేనే తేదీ రాయండి. లేకపోతే "ఆఫర్ వచ్చిన ఇన్ని రోజుల్లో చేరతాను" అనండి. ఆ రోజుల్లో మీ నోటీస్ పీరియడ్, ఇల్లు మారడానికి ఇంకో వారం కలిసి ఉండాలి. నోటీస్ 60 రోజులుంటే 30 అని రాయకండి.

ఇంకొకటి. "మావారికి ట్రాన్స్‌ఫర్" అని రాస్తే ఇంటర్వ్యూలో "మూడేళ్లకి మళ్లీ అవుతుందిగా?" అని అడుగుతారు, నన్ను అడిగారు. "కుటుంబం మారుతోంది" అంటే చాలు. అడిగితే మాత్రం దాచకండి. మా పిల్లల్ని అక్కడి స్కూల్లో చేర్పించామని చెప్పాను, ఇక ఆ ప్రశ్న మళ్లీ రాలేదు.