ఆ రీలు ఎన్నోది?

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

పర్లాకిమిడి హాలు ఆపరేటర్ మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. తెలుగులో ఆలోచించి, గేటు దగ్గర ఒడియాలో మాట్లాడే ఆ ముసలాయన నాకు బాగా నచ్చాడు. నచ్చనిది రీలు.

హాలు ఈ ఏడాది మూతపడిందని రాశావు, చివరి ఆట ముగియగానే ఆయన ఆ సినిమా చివరి రీలు సంచిలో దాచుకున్నాడన్నావు. మన హాళ్లలో ఫిల్ము పోయి డిజిటల్ వచ్చి పదేళ్లు దాటింది కాబట్టి, చివరి ఆటకు దాచుకోవడానికి రీలే ఉండదు. ఫిల్ము రోజుల్లోనైనా, పెట్టెలో ఒక రీలు తగ్గితే డిస్ట్రిబ్యూటర్ మనిషి మర్నాడే వచ్చి నిలదీసేవాడు. అందుచేత ఆ రీలు ఎప్పుడో అరిగిపోయి, తిరిగి అడిగేవారు లేక కేబిన్ మూల పడి ఉన్న పాత ప్రింటులోనిది కావాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలే ఆడుతుంది. సినిమా మొత్తానికి అలాంటివి పద్నాలుగో పదిహేనో ఉంటాయి. అంటే ఆయన దగ్గర మిగిలింది మొదలూ తుదీ లేని ఒక ముక్క. ఎన్నో రీలో నువ్వు ఎక్కడా చెప్పలేదు.

కథ ఇరవై ఏళ్లు ముందుకు నడిచాక ఆయన డబ్బా తెరిస్తే ఫిల్ము కొత్తదానిలా మెరిసిందన్నావు. పాత ఎసిటేట్ ఫిల్ము మన వేడికీ చెమ్మకీ లోలోపలే పులుస్తుంది. మూత తీయగానే ముక్కుకు తగిలేది వెనిగర్ వాసన. ఆ ఆవిరి బయటికి పోలేక డబ్బాలోనే ఉండిపోవడంతో పాడవడం ఇంకా వేగంగా సాగుతుంది. అంటే ఆయన భద్రంగా బిగించిన మూతే దానికి చేటు చేసింది. తర్వాత ఫిల్ము కుంచించుకుని, అంచు రంధ్రాలు ప్రొజెక్టర్ పళ్లకు సరిపడక చిరుగుతుంది. తరువాతి కాలపు పాలిస్టర్ ఫిల్ముకు ఈ బాధ లేదు. రీలును పక్కగా దీపానికి ఎదురుగా పట్టుకుంటే పాలిస్టర్ చుట్ట గుండా వెలుగు కనిపిస్తుంది, ఎసిటేట్ మసకగా నల్లబడి ఉంటుంది. మీ ఆపరేటర్‌కు ఈ పరీక్ష తెలియకపోదు. ఆయన చేత చేయించు, ఏం కనిపించిందో నోటితో చెప్పించకు.

ఇంకొకటి. చివర్లో ఆయన ఫిల్ము ముక్కను కిటికీ వెలుగుకు పట్టుకుని, హీరోయిన్ పెదవుల పక్కన ఉన్న శబ్దపు గీతలో ఆమె మాట వెతుకుతాడు. అక్కడ ఆమె మాట ఉండదు. ప్రొజెక్టర్‌లో ధ్వనిని చదివే భాగం బొమ్మ గేటు దాటాక, కిందుగా ఉంటుంది కనుక, ప్రతి బొమ్మ పక్కనా ఇరవై ఫ్రేముల తర్వాత, అంటే సెకనులో ఆరింట అయిదు వంతులు ఆలస్యంగా వచ్చే బొమ్మకు చెందిన శబ్దం అచ్చై ఉంటుంది. తెగిన చోట అతికిస్తే ముందు బొమ్మ ఎగురుతుంది, శబ్దం ఆ వెంటనే ఎగురుతుంది. (ఇది ప్రేక్షకులకు పట్టదు, ఆపరేటర్‌కు మాత్రం రెండుసార్లు గుచ్చుకుంటుంది.) కాబట్టి ఆయన ఆమె పెదవుల పక్కన వెతకడు, వేలితో ఇరవై ఫ్రేములు వెనక్కి లెక్కపెడతాడు. నువ్వు రాసిన ఒకటిన్నర పేజీ కన్నీటి కన్నా ఆ లెక్క చాలు.

తిరిగి రాసి పంపేటప్పుడు రీలు నంబరు మొదటి పేజీలోనే వేయి, పదకొండు నిమిషాల్లో ఏ సన్నివేశం సగంలో మొదలై ఎక్కడ తెగుతుందో కూడా నాకు విడిగా రాసి పంపు.