రంగు వేసిన జుట్టుతో హోలీ: ముందు రాసే నూనె, తర్వాత చేసే తలస్నానం

“జుట్టంతా ముదురు గోధుమ రంగు వేయించుకుని, చివర్లు మాత్రం బ్లీచ్ చేయించి రాగి రంగు పెట్టించుకున్నాను. వచ్చే వారం హోలీ ఆడాలని ఉంది. ముందు నూనె రాసుకుంటే సరిపోతుందా? తర్వాత తల ఎలా కడుక్కోవాలి?”

నా జుట్టు కూడా దాదాపు ఇలాగే ఉండేది, అలాంటి జుట్టుతో నేను రెండు హోలీలు ఆడాను. మొదటిసారి నూనె రాసుకుంటే వేసిన రంగు పోతుందేమోనని భయపడి, జుట్టు విరబోసుకుని అలాగే వెళ్ళాను. ఆ సాయంత్రం వేడినీళ్ళతో వరుసగా మూడుసార్లు షాంపూ చేశాను. గులాబీ రంగు చివర్లను వదలలేదు, సుమారు మూడు వారాలు అక్కడే ఉండిపోయింది. పైభాగంలోని గోధుమ రంగు మాత్రం వెలిసిపోయి తుప్పు రంగులోకి దిగింది. చాలా రోజుల తర్వాత గానీ నాకు అర్థం కాలేదు, చివర్లను పాడుచేసింది పండుగ రంగే అయినా పైభాగాన్ని పాడుచేసింది నేను కడిగిన తీరేనని. అందువల్ల ఈ రెండింటినీ వేర్వేరుగా చూడడం మంచిది.

సెలూన్‌లో వేసే శాశ్వత రంగు వెంట్రుక పైనున్న పొలుసులను కాస్త పైకి లేపి లోపలికి వెళ్ళి, అక్కడే పెద్ద అణువులుగా మారి నిలుస్తుంది. అలా ఒకసారి లేచిన పొలుసులు మునుపటిలా గట్టిగా అతుక్కోవు. వెంట్రుక నీళ్ళలో ఉబ్బినప్పుడల్లా, ముఖ్యంగా వేడినీళ్ళూ ఘాటైన షాంపూ కలిసినప్పుడు, లోపలి రంగు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. బ్లీచ్ చేసిన చివర్ల సంగతి మరోలా ఉంటుంది. బ్లీచ్ వెంట్రుక పైనుండే సహజమైన కొవ్వు పొరను తీసివేసి, దానిపై రుణావేశాన్ని పెంచుతుంది. హోలీ రంగుల్లో కనిపించే రోడమిన్ గులాబీ, మాలకైట్ ఆకుపచ్చ వంటివి ధనావేశం గల రంగులు కనుక సరిగ్గా అలాంటి చోటనే గట్టిగా పట్టుకుంటాయి. తాత్కాలిక హెయిర్ కలర్లలో కూడా ఈ తరహా రంగులనే వాడతారు. అంటే మీ రాగి చివర్లపై తడి గులాల్ పడితే అది దుమ్ములా కాదు, మరో హెయిర్ కలర్‌లా పనిచేస్తుంది. పొడిగా ఉన్నంతసేపు అది చాలావరకు దులిపితే పోయే పొడి మాత్రమే, నీళ్ళు తగిలిన తర్వాతే అంటుకునే రంగు అవుతుంది.

రెండో ఏడాది నేను నూనెను రెండు విడతలుగా రాసుకున్నాను. ముందురోజు రాత్రి కొబ్బరినూనెను గోరువెచ్చగా చేసి, భుజాల వరకు ఉన్న జుట్టుకు మూడు టీస్పూన్లు వాడాను. అందులో రెండు టీస్పూన్లు బ్లీచ్ చేసిన చివర్లకే పట్టించి, మిగిలినది మధ్యభాగానికీ పాపిడి వెంటా రాశాను. కొబ్బరినూనెనే ఎంచుకోవడానికి కారణం ఉంది. అది వెంట్రుక లోపలికి ఇంకి, నీళ్ళు తగిలినప్పుడు వెంట్రుక ఉబ్బడాన్నీ దానిలోని ప్రోటీన్ పోవడాన్నీ తగ్గిస్తుంది, మినరల్ ఆయిల్ మాత్రం పైపైనే ఉండిపోతుంది. లోపలికి ఇంకడానికి సమయం కావాలి కాబట్టి ఇంట్లోంచి బయలుదేరే ముందు హడావిడిగా రాసుకుంటే ఆ ప్రయోజనం పూర్తిగా దక్కదు. మర్నాడు ఉదయం ఇంకొక టీస్పూన్ నూనెను చివర్లకు మాత్రమే అద్దాను. ఇది పైపూత, పొడి నేరుగా వెంట్రుకను తాకకుండా కొంత అడ్డుపడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు నూనెను కారేటంత పట్టించడం. నూనె మరీ ఎక్కువైతే గులాల్ దానిలో కలిసి ముద్దగా మారి దులిపినా రాలదు. ఆ జిడ్డు వదిలించడానికి రెండు మూడు షాంపూలు అవసరమై, మనం కాపాడుకోవాలనుకున్న గోధుమ రంగే వాటితో పోతుంది. ఒక పాయను అరచేతిలో నొక్కి చూడండి. అరచెయ్యి మెరవాలి గానీ చుక్క కారకూడదు. తర్వాత జుట్టును వదులుగా జడ అల్లి, చివరను లోపలికి మడిచి ముడి వేసి, పైన పాత నూలు గుడ్డ కట్టుకున్నాను. జడలో బయటికి కనిపించే వెంట్రుకలు తక్కువ కాబట్టి ఈ చిన్న పని నూనెతో సమానంగా ఉపయోగపడిందని నా అభిప్రాయం.

ఇంటికి రాగానే తల తడపకండి. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ముఖ్యమైన పది నిమిషాలు ఇవే. జడ విప్పి, తల ముందుకు వంచి, వేళ్ళతో మెల్లగా దులిపి, ఆ తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెనతో చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళుతూ దువ్వండి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవడం మంచిది. దువ్వెనకు పొడి అంటడం దాదాపు ఆగిపోయాకే నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి. ఆ తర్వాత తల వెనక్కి వంచి, చల్లని లేదా కేవలం నులివెచ్చని నీటిని పాపిడి నుంచి కిందికి ధారగా పోయండి. రుద్దకుండా, పిండకుండా, జారే నీటిలో రంగు కనిపించనంత వరకు పోయాలి. నాకు ఇది ఐదారు నిమిషాలు పట్టింది. బకెట్‌లో జుట్టు ముంచి నానబెట్టడం మాత్రం పొరపాటు, ఎందుకంటే ఆ రంగునీళ్ళే బ్లీచ్ చేసిన చివర్లలోకి ఇంకుతాయి.

షాంపూ కన్నా ముందు కండిషనర్ రాయడం నాకు బాగా కలిసొచ్చింది. తడి జుట్టుకు నూనె ఉన్నచోటల్లా కండిషనర్ పట్టించి మూడు నిమిషాలు ఉంచితే నూనె దానితో కలిసి తెల్లటి పాలలా మారి జారిపోతుంది. ఆ తర్వాత సల్ఫేట్ లేని షాంపూను ఒక మగ్గు నీళ్ళలో కలిపి మాడుకే వేళ్ళ కొసలతో రుద్దాను, చివర్లకు కిందికి జారే నురుగే చాలు. ఒక్కసారితో ఆపి, మళ్ళీ కండిషనర్ పెట్టి చల్లటి నీళ్ళతో ముగించాను. మొదట్లో జుట్టులో కొంచెం జిడ్డు మిగిలింది, రెండు రోజుల తర్వాత చేసిన మామూలు తలస్నానంతో పోయింది. గోధుమ రంగులో నాకు తేడా కనిపించలేదు. చివర్లలో రెండు పాయలకు మాత్రం లేత గులాబీ ఛాయ ఉండిపోయింది. నూనె దాన్ని తగ్గించింది గానీ పూర్తిగా ఆపలేదు, కాబట్టి బ్లీచ్ చేసిన జుట్టుకు అంతకంటే ఎక్కువ ఆశించకండి.

అలా మిగిలిన ఛాయను ఆ రోజే వదిలించాలని ప్రయత్నించకండి. వంటసోడా, బట్టల సబ్బు, నిమ్మరసం, చుండ్రు షాంపూ వంటివి పండుగ రంగు కన్నా ముందు మీ రంగును వెలిసిపోయేలా చేసే ప్రమాదం ఉంది. నా రెండు పాయలూ నాలుగో తలస్నానానికి మామూలయ్యాయి. అప్పటికీ పోకపోతే, ఆ చివర్లపై మరో రంగు వేయించడానికి కనీసం రెండు వారాలు ఆగండి. మాడు మంటగానో దురదగానో ఉంటే అది పూర్తిగా తగ్గేవరకు హెయిర్ కలర్ జోలికి వెళ్ళకండి, గీతలు పడిన మాడుపై ఆ రసాయనాలు మరింత ఘాటుగా పనిచేస్తాయి.