అల్లుడూ, ఈఎస్ఐ పెన్షన్ అప్పీలు ఇలా రాయి

అల్లుడూ, నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి ఏడ్చింది. ఫ్యాక్టరీలో చెయ్యి నలిగినందుకు నువ్వడిగిన పెన్షన్ మీద ఈఎస్ఐ బోర్డు ఇచ్చిన నిర్ణయం, నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కాగితం, రెండుసార్లు చదివాను. ప్రమాదం వల్ల శాశ్వత వైకల్యం మిగిలిందని రికార్డుల్లో తేలలేదు, సంపాదన శక్తి నష్టం నిల్ అని మెడికల్ బోర్డు రాసింది. అంటే నీ చెయ్యి బాగుందని వాళ్లు అనలేదు. తమ ముందున్న కాగితాల్లో కనపడలేదన్నారు. ఈ తేడా పట్టుకునే అప్పీలు నడవాలి.

ముందు గడువు సంగతి. బోర్డు నిర్ణయం చేతికందిన రోజు నుంచి మూడు నెలల్లో మెడికల్ అప్పీల్ ట్రిబ్యునల్‌కి గానీ, నేరుగా ఎంప్లాయీస్ ఇన్సూరెన్స్ కోర్టుకి గానీ వెళ్లాలి. నీకు జనవరి 9న అందింది కాబట్టి ఏప్రిల్ మొదటి వారం దాటనివ్వకు. ఆ కవరు పారెయ్యకు, మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది, ఆలస్యమైందని ఎవరన్నా అంటే అదే నీ సాక్ష్యం.

ఇక అసలు చిక్కు నీ డిశ్చార్జ్ సమ్మరీ. నువ్వు చూశావో లేదో, "హిస్టరీ" అన్న చోట ఇంటి దగ్గర జారిపడ్డాడని రాసుంది. ఆ రోజు నువ్వు స్పృహలో ఉన్నా నొప్పికి మాట్లాడలేకపోయావు, పక్కనున్న సూపర్‌వైజర్ చెప్పింది డ్యూటీ డాక్టరు రాసుకున్నాడు. ఫ్యాక్టరీకి ఇబ్బంది రాకూడదని అలా చెప్పించడం చీమకుర్తి పక్క చాలాసార్లు చూశాను, ఎంత మంది కడుపు కొట్టిందో ఆ ఒక్క ముక్క. ఆ లైను దాచిపెట్టి అప్పీలు వేశావంటే వాళ్లే బయటపెడతారు, అప్పుడు నీ మాట ఏదీ నమ్మరు. కాబట్టి నువ్వే ముందు చెప్పు. ఇట్లా రాయి:

"డిశ్చార్జ్ సమ్మరీలో ఇంటి దగ్గర పడినట్టు ఉంది. ఆ సమాచారం నేను ఇచ్చింది కాదు. జూన్ 11న మధ్యాహ్నం షిఫ్టులో పాలిషింగ్ లైను మీదికి గ్రానైట్ పలక ఎక్కిస్తుండగా క్రేను బెల్టు జారి, పలకకీ ట్రాలీకీ మధ్య నా కుడిచెయ్యి నలిగింది. నన్ను 108 అంబులెన్సులో ఫ్యాక్టరీ గేటు నుంచే తీసుకెళ్లారు."

ఆ 108 మాటే నీకు బలం. నిన్ను ఎక్కడ ఎక్కించుకున్నారో, ఎన్నింటికో, చేతికి ఏమైందో అందులో సిబ్బంది రాసుకుంటారు. ఆ రికార్డు నకలు కావాలని ఇప్పుడే అర్జీ పెట్టు. దాంతోపాటు ఆ రోజు హాజరు, ఫ్యాక్టరీ యాక్సిడెంట్ బుక్కు, యజమాని ఈఎస్ఐకి పంపిన ప్రమాద రిపోర్టు, ఈ మూడూ తెప్పించమని ట్రిబ్యునల్‌ని రాతపూర్వకంగా అడుగు. నీతో ఆ పలక పట్టుకున్న కుర్రాడు సాక్ష్యం చెప్తానంటే వాడి సంతకంతో ఒక పేజీ రాయించు. పనిలో ఉండగా జరిగిన ప్రమాదం, దానికి వ్యతిరేకంగా సాక్ష్యం లేనప్పుడు, పని వల్లే జరిగినట్టు భావించాలని చట్టం చెబుతుంది. కానీ ఆ డిశ్చార్జ్ కాగితం వ్యతిరేక సాక్ష్యమై కూర్చుంది, అందుకే ఇంత చెప్తున్నా.

రెండోది, లేని రిపోర్టులు. నీ దగ్గర మొదటిరోజు ఎక్స్‌రే ఫిల్ము లేదు, ఆపరేషన్ నోట్సు లేవు. ఆసుపత్రికి వెళ్లి "నా పూర్తి కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, ఎక్స్‌రే రిపోర్టు ఇవ్వండి" అని తేదీ వేసి రాసివ్వు, నీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకో. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కౌంటర్లో కుర్రాడు "సార్ లేరు, రేపు రా" అంటే నోటి మాటతో తిరిగి రాకు. ఫిల్ము పోయినా రేడియాలజీ రిజిస్టరులో నీ పేరు, నంబరు, తేదీ ఉండాలి, ఆ పేజీ నకలు అడుగు. ఇవ్వకపోతే ఇవ్వలేదన్న విషయమే అప్పీల్లో ఒక పేరాగా రాయి, ముద్ర ఉన్న అర్జీ జతచెయ్యి. "రిపోర్టు లేదు" అని ఊరుకోవడం వేరు, "అడిగాను, ఇవ్వలేదు, మీరు తెప్పించండి" అనడం వేరు.

మూడోది నీ చెయ్యి. వేలు తెగిపోయి ఉంటే దానికి సంపాదన శక్తి నష్టం ఎంత శాతమో చట్టంలోనే రాసుంది, చూపుడువేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11, ఇట్లా. నీకు వేళ్లున్నాయి, కానీ వంగవు. దానికి పట్టిక లేదు, బోర్డు చూసి అంచనా వెయ్యాలి, అందుకే కొలతలు లేకపోతే నిల్ అనడం తేలిక. ఒంగోలు జీజీహెచ్‌లో ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లి ఒకటే అడుగు, ఇప్పుడు చెయ్యి ఎంత వంగుతుందో కొలిచి రాయమను. ఒక్కో కణుపు ఎన్ని డిగ్రీలు వంగుతోంది, పిడికిలి బిగిస్తే మధ్యవేలి కొన అరచేతికి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఆగుతోంది, పట్టు ఎడమచేతితో పోలిస్తే ఎంత. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు చూశా, టీ గ్లాసు పట్టుకుంటే నీ చిటికెన వేలూ బొటనవేలే మోస్తున్నాయి, మధ్య మూడూ కర్రల్లా నిలబడి ఉన్నాయి. డాక్టరు "స్టిఫ్‌నెస్ ఉంది" అని ఒక్క ముక్క రాస్తే వెనక్కివ్వు, అంకెలు కావాలని మర్యాదగా అడుగు.

అప్పీల్లో ఆ అంకెల పక్కనే పని సంగతి రాయి: 'పలక అంచు పట్టలేను, బెల్టు హుక్కు బిగించలేను, ఇప్పుడు నన్ను గేటు దగ్గర కూర్చోబెట్టారు.' కష్టాలు, అప్పులు, పిల్లల ఫీజులు పేజీల కొద్దీ రాయకు. 2009లో నా మణికట్టు కేసులో మొదట నేను నాలుగు పేజీలు అదే రాశాను, చెయ్యి ఎంత వంగుతుందో ఒక్క లైనూ లేదు, కొట్టేశారు. రెండోసారి పేజీన్నరలో రాశాక మళ్లీ పరీక్షకి పిలిచారు.

డబ్బు లెక్క కూడా తెలిసుండాలి. నీ జీతం రోజుకి 500 అనుకో, నష్టం నూటికి నూరైతే ఇచ్చేది దాంట్లో 90 శాతం, అంటే 450. బోర్డు 20 శాతం నష్టం వేస్తే రోజుకి 90 రూపాయలు, నెలకి సుమారు 2,700, బతికినంత కాలం. కాబట్టి శాతం ఎంత ఇవ్వాలో నువ్వు రాయకు, "కొత్త కొలతలతో మళ్లీ పరీక్షించి శాతం నిర్ణయించండి" అని అడుగు. నువ్వు 15 అని రాసి చెయ్యి 20కి తగినట్టుంటే నష్టపోయేది నువ్వే.

చివర్న సంతకం, ఈఎస్ఐ నంబరు, బోర్డు నిర్ణయం తేదీ, జతపరచిన కాగితాల వరస. నకలు నీ దగ్గర పెట్టుకుని స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో. ఆదివారం నేను ఒంగోలు వస్తున్నా, డిస్పెన్సరీ చీటీలన్నీ, ఆ కవరూ సంచిలో పెట్టుకుని బస్టాండు దగ్గరికి రా, కూర్చుని రాద్దాం.