ఆవకాయ అమ్మకానికి పెట్టేటప్పుడు ఏం రాయాలి?

హైదరాబాద్‌లో మా పొదుపు సంఘం మహిళలకు ఐదు నిమిషాలు చెప్పాలి: ఆన్‌లైన్‌లో ఆవకాయ పెట్టేటప్పుడు "స్వచ్ఛమైన హోమ్‌మేడ్" అని రాస్తే చాలదా?

చాలదు, సీసాలో ఏముందో, ఎంతుందో, ఎప్పుడు కలిపారో రాయాలి. కొనేవాళ్లు వాసన చూడలేరు, రుచి చూడలేరు. వాళ్లకు ఆ నాలుగు మాటలే ఆధారం. "స్వచ్ఛమైన" అన్న మాట అందరూ రాసేదే, అందులో తెలిసేదేమీ లేదు.

దినుసులు బరువును బట్టి, ఎక్కువున్నది ముందుగా రాయాలి. నువ్వుల నూనె 60 గ్రాములు, పల్లీ నూనె 30 గ్రాములు పోశారనుకోండి. "నువ్వుల నూనెతో" అని ఊరుకుంటే అది సగం నిజమే. పల్లీ పడనివాళ్లకైతే ప్రమాదం కూడా. కాబట్టి ఇలా రాయండి:

"మామిడి ముక్కలు, నువ్వుల నూనె, కారం, ఆవపిండి, ఉప్పు, పల్లీ నూనె, మెంతులు. వెల్లుల్లి లేదు. నికర బరువు 500 గ్రాములు. కలిపింది మే నెలలో. తడి చెంచా పెట్టకండి."

నికర బరువంటే సీసా, మూత తీసేసి లోపలి పచ్చడి బరువు (నూనెతో కలిపి). ఖాళీ సీసాను ముందే తూచి ఆ బరువు తీసేస్తే సరి. ప్యాకెట్ మీద, ప్రకటనలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా ఉండాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే: ఇంట్లో చేశాం కాబట్టి "ప్రిజర్వేటివ్‌లు లేవు" అని రాసేయొచ్చనుకుంటారు. ఎక్కువ రోజులు ఆగాలని చిటికెడు సోడియం బెంజోయేట్ కలిపినా ఆ మాట అబద్ధమే. కలిపితే దాని పేరూ దినుసుల్లో రాయాల్సిందే.