పది రోజుల్లో కడితే 2 శాతం తగ్గింపు: అమ్మేవారికి ఏడాది లెక్కన ఎంత పడుతుంది?

ప్రశ్న: షోలాపూర్‌లో మాకు తువ్వాళ్ల పవర్‌లూమ్ యూనిట్ ఉంది. చిన్న సంస్థలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా ఉంది. హైదరాబాద్, వరంగల్ హోల్‌సేల్ పార్టీలకు 30 రోజుల అప్పు మీద సరుకు పంపుతాం. పది రోజుల్లో డబ్బు వేస్తే 2 శాతం సీడీ, అంటే క్యాష్ డిస్కౌంట్, ఇస్తామని బిల్లు మీద రాస్తున్నాం. కొందరు 22వ రోజున కట్టి కూడా 2 శాతం కోసుకుంటున్నారు. అడిగితే ‘ఎప్పుడూ ఇంతే కదా’ అంటున్నారు. వాళ్ల దగ్గర ఆ డబ్బు వసూలు చేయవచ్చా? అసలు ఈ సీడీ మాకు గిట్టుబాటవుతుందా?

జవాబు: వసూలు చేయవచ్చు. కానీ ముందు మీ రెండో సందేహమే తేల్చుకోండి, మీకు పెద్ద నష్టం అక్కడే ఉంది.

లక్ష రూపాయల సరుకు అనుకోండి. జీఎస్టీని కాసేపు పక్కన పెడదాం. పార్టీ పదో రోజున కడితే మీకు 98,000 వస్తుంది. ముప్పయ్యో రోజున కడితే లక్ష వస్తుంది. అంటే 98,000 రూపాయలను 20 రోజులు ముందుగా చేతికి తెచ్చుకోవడానికి మీరు 2,000 ఇస్తున్నారు. ఏడాదికి లెక్క కడితే ఇలా వస్తుంది:

2 ÷ 98 × 365 ÷ 20 = 37.2 శాతం

మీ బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఓడీ, వడ్డీ 12 శాతమైతే, అదే 98,000 బ్యాంకు నుంచి 20 రోజులు వాడుకుంటే పడే వడ్డీ 644 రూపాయలు. 644తో పోయే పనికి మీరు 2,000 పెడుతున్నారు. పార్టీ వైపు నుంచి చూస్తే, తన ఓడీ నుంచి తీసి మీకు కట్టినా లాభమే. అందుకే డబ్బున్న పార్టీ ఎవరూ ఈ తగ్గింపును వదలరు.

‘మా పార్టీలు 30 రోజులకు ఎక్కడ కడతారు, 45 అవుతుంది’ అని మీరు అనవచ్చు. అది సరైన మాటే, లెక్క కూడా అసలు కట్టే రోజును బట్టే వేయాలి. 45వ రోజున కట్టే పార్టీ పదో రోజుకు వస్తే 35 రోజులు కలిసొస్తాయి, ఖర్చు 21 శాతానికి దిగుతుంది. 60వ రోజున కట్టేవాడైతే సుమారు 15 శాతం. మీ 12 శాతం ఓడీతో సరిసమానం కావాలంటే, తగ్గింపు లేకపోతే 72వ రోజుదాకా కట్టని పార్టీ అయి ఉండాలి. అయితే అలాంటి పార్టీ చేతిలో పదో రోజుకు డబ్బు ఉండదు కాబట్టి సాధారణంగా ఈ సీడీ వాడుకోడు. వాడుకునేది ఎప్పుడూ త్వరగా కట్టేవాడే. మామూలుగా 15వ రోజున కట్టేవాడికి 2 శాతం ఇచ్చి మీరు సంపాదించుకున్నది ఐదు రోజులు. దాని ఖర్చు ఏడాదికి 149 శాతం!

అందుకని గత ఏడాది లెడ్జరు తీసి, ఒక్కో పార్టీ సీడీ మొదలవకముందు బిల్లు తేదీ నుంచి ఎన్నో రోజున కట్టాడో చూడండి. మీ ఓడీ రేటును ఆ కలిసొచ్చే రోజులతో గుణించి 365తో భాగిస్తే, ఇవ్వదగిన తగ్గింపు వస్తుంది. 20 రోజులకు అది 0.66 శాతం, 35 రోజులకు 1.15 శాతం. నా సలహా అయితే మీకు 0.75 శాతం చాలు. బాకీ మునిగిపోతుందేమోనని భయం ఉన్న పార్టీ సంగతి వేరు. అక్కడ 2 శాతం ఇచ్చి డబ్బు తెచ్చుకోవడం తప్పు కాదు, కానీ అలాంటివాడికి అసలు అప్పు ఇవ్వాలా అన్నది ముందు ఆలోచించాల్సిన విషయం.

మీకు ఇంకో ఆధారం కూడా ఉంది. మీరు తయారీదారు, సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదైనవారు కాబట్టి 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ మీకు వర్తిస్తుంది. రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులోగా కొనుగోలుదారు కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా సరుకు స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. మించితే 16వ సెక్షన్ కింద రిజర్వు బ్యాంకు ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. బ్యాంక్ రేటు 5.5 శాతమైతే ఇది 16.5 శాతం. ఆలస్యం చేసినవాడి మీద చట్టం వేసే వడ్డీకన్నా, ముందు కట్టినవాడికి మీరు ఇష్టపూర్వకంగా ఇస్తున్నది రెట్టింపు దాటింది. ఒక హెచ్చరిక: ఉద్యమ్ ఉన్నా కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఈ ఆలస్యపు వడ్డీ రక్షణ లేదు, తయారీదారుగా మీకు ఉంది. ఉద్యమ్ నంబరును ప్రతి బిల్లు మీదా అచ్చు వేయండి.

ఇక 22వ రోజు కోత. షరతు తీరలేదు కాబట్టి ఆ 2 శాతం ఇంకా బాకీయే. ఇబ్బంది అంతా మీరు ఊరుకోవడం దగ్గరే వస్తుంది. కాంట్రాక్టు చట్టం 63వ సెక్షన్ ప్రకారం, రావలసినదానికన్నా తక్కువ సొమ్మును పూర్తి చెల్లింపుగా అంగీకరిస్తే మిగతా బాకీ రద్దవుతుంది. 5,000 రావలసినవాడు 2,000 తీసుకుని సరే అంటే మొత్తం అప్పు తీరినట్టేనని ఆ సెక్షన్ ఉదాహరణలోనే ఉంది. మీరు ఆలస్యమైన బిల్లుకు క్రెడిట్ నోట్ ఇచ్చినా, లెడ్జరును సున్నా చేసి సంతకం పెట్టినా, ఆ మినహాయింపును మీరు అంగీకరించారనే వాదనకు దారి ఇచ్చినట్టే. ‘ఎప్పుడూ ఇంతే కదా’ అన్న మాట కూడా అక్కడికే తీసుకెళ్తుంది. కాబట్టి సొమ్ము పడిన మరునాడే వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో ఇలా పంపండి: ‘ఫలానా నంబరు బిల్లు కింద 1,02,900 ముట్టింది, ఖాతాలో జమ చేశాం. పది రోజుల గడువు దాటింది కనుక తగ్గింపు వర్తించదు, 2,100 బాకీ ఉంది.’ (లక్ష సరుకుకు 5 శాతం ఐజీఎస్టీతో బిల్లు 1,05,000 అయితే.) ఇప్పటికే ఊరుకున్న పాత బిల్లులను తవ్వే బదులు, ఫలానా తేదీ నుంచి షరతు కచ్చితంగా అమలు చేస్తామని అందరికీ ఒకే ఉత్తరం పంపండి. ఆ తేదీ తర్వాతి కోతల విషయంలో మీ మాట నిలుస్తుంది.

బిల్లు మీది వాక్యం కూడా మార్చాలి. ‘10 రోజుల్లో కడితే 2%’ అని మాత్రమే ఉంటే, పార్టీ సరుకు దిగిన రోజు నుంచి లెక్కిస్తాడు, చెక్కు తేదీ చూపిస్తాడు. ఇలా రాయండి: ‘బిల్లు తేదీ నుంచి 10 రోజుల్లోగా పూర్తి సొమ్ము మా బ్యాంకు ఖాతాలో జమ అయితే, పన్ను పడే విలువ మీద 0.75 శాతం తగ్గింపు క్రెడిట్ నోట్ ద్వారా ఇవ్వబడుతుంది. బిల్లు సొమ్ములోంచి నేరుగా మినహాయించుకోరాదు. ఆలస్యంగా వచ్చిన సొమ్మును స్వీకరించడం తగ్గింపును అంగీకరించినట్టు కాదు.’ ఇదే మాట ఆర్డరు తీసుకునేటప్పుడు రేటు పత్రంలో కూడా ఉండాలి.

క్రెడిట్ నోట్ ద్వారానే అని ఎందుకంటే, అందులో జీఎస్టీ లెక్క ఉంది. సరుకు పంపిన తర్వాత వర్తించే తగ్గింపును పన్ను విలువలోంచి తీసేయాలంటే, సీజీఎస్టీ చట్టం 15(3) సెక్షన్‌లో మూడు షరతులు పెట్టారు: సరుకు పంపేలోపే ఒప్పందం ఉండాలి, అది ఆయా బిల్లులతో ముడిపడి ఉండాలి, పార్టీ తాను కొన్నప్పుడు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను ఆ మేరకు వెనక్కి ఇవ్వాలి. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ ముందస్తు ఒప్పందం షరతును తీసేయాలని సిఫారసు చేసింది. అయినా ఒప్పందాన్ని రాతలో ఉంచుకోవడం వల్ల మీకు నష్టమేమీ లేదు. పైన చెప్పిన 2 శాతం లెక్కలో పార్టీ 1,05,000 మీద 2,100 కోసుకుని, మీరు పన్నుతో కూడిన క్రెడిట్ నోట్ ఇవ్వకపోతే, ఆ 100 రూపాయల పన్ను మీ జేబులోంచి పోతుంది. బిల్లు నంబరుతో క్రెడిట్ నోట్ ఇచ్చి రిటర్నులో చూపిస్తే అది మీకు తిరిగొస్తుంది. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోగా, లేదా వార్షిక రిటర్ను వేసే రోజులోగా, ఏది ముందైతే ఆ లోపు చూపించాలి.

ఒక్కో బిల్లుకు 2,100 కోసం దావా వేయడం దండగ. పార్టీవారీగా కోతలు కూడబెట్టి పట్టిక రాసి ఉంచండి. ప్రతి బాకీకీ అప్పు గడువు ముగిసిన రోజు నుంచి మూడేళ్ల కాలపరిమితి ఉంది. మొత్తం పెద్దదైతే నోటీసు ఇచ్చి, ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయండి. మీ యూనిట్ షోలాపూర్‌లో ఉంది కాబట్టి మహారాష్ట్ర కౌన్సిల్ దగ్గరే వేయవచ్చు, హైదరాబాద్ పార్టీ కోసం అక్కడికి తిరగాల్సిన పని లేదు.