విసర్జన పాఠానికి మైండ్ మ్యాప్: మధ్యలో ఏం రాయాలె?

"అన్నా, నాది దేవరకొండ, పదో తరగతి తెలుగు మీడియం. విసర్జన పాఠం నోట్సు చాలా పేజీలైంది. మైండ్ మ్యాప్ గీద్దామని మధ్యలో 'విసర్జన' అని రాసిన. కొమ్మలతో పేజీ నిండింది కానీ ఏది ఎక్కడుందో నాకే తెలుస్తలేదు. మధ్యలో ఏం రాయాలె, పెద్ద కొమ్మలు ఎట్ల ఎంచుకోవాలె?"

తమ్ముడూ, గీసుడు కాసేపు ఆపి నోట్సు ముందర పెట్టుకో. ప్రతి పేరా పక్కన, అది ఏ ప్రశ్నకు జవాబో మార్జిన్‌లో రాయి. నేను నల్లగొండలో పదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్త. ఈ పాఠానికి ఎవరితో రాయించినా మూడు గుంపులే తేలుతయి. ఒకటి, మన మూత్రపిండం ఏం చేస్తది. రెండు, వేరే జంతువులల్ల ఏ అవయవం ఉంది: వానపాములో నెఫ్రీడియా, బొద్దింకలో మాల్పీజియన్ నాళికలు, అట్ల. మూడు, మొక్కలు వ్యర్థాలను ఏం చేస్తయి: ఆల్కలాయిడ్లు, రెసిన్లు, లేటెక్స్. ఈ మూడింటినీ ఒకే మధ్య మాటకు కట్టినవు కాబట్టే నీ పేజీ చిక్కువడ్డది. రెండో గుంపుకు జీవి, అవయవం అని రెండు గడుల పట్టిక చాలు. మూడోదానికి సగం పేజీ చాలు. మ్యాప్ కావాల్సింది మొదటిదానికే.

ఇప్పుడు మధ్యలో ఏముండాలె? 'విసర్జన' మరీ పెద్దది, దానికి ఏదైనా అతుకుతది. 'నెఫ్రాన్' అంటే మరీ చిన్నది, డయాలసిస్ గురించి రాసింది బయట మిగిలిపోతది. నేనైతే "రక్తం నుంచి మూత్రం ఎట్ల తయారైతది?" అని రాయిస్త. ప్రశ్న మధ్యలో ఉంటే ప్రతి కొమ్మా దానికి జవాబు చెప్పాల్సిందే.

కొమ్మల కాడ పిల్లలు ఎక్కువగా 'భాగాలు' అని ఒకటి, 'దశలు' అని ఒకటి గీస్తరు. అట్ల చేస్తే బౌమన్ గుళిక రెండు దిక్కులా వస్తది, హెన్లీ శిక్యం కూడా అంతే. ఒకే మాట రెండు కొమ్మల మీద కనిపించిందంటే, కొమ్మలను రెండు వేర్వేరు లెక్కలతో విడగొట్టినట్టే. దశలనే పెద్ద కొమ్మలు చెయ్యి, భాగాలను వాటి కింద పెట్టు. గుచ్ఛగాలనం, పునఃశోషణం, నాళికా స్రావం, మూత్రం గాఢత పెరుగుడు, ఈ పని ఆగిపోతే. అయిదే. మ్యాప్‌లో వరుస కనపడదు కాబట్టి పై నుంచి గడియారం ముల్లు తిరిగే దిక్కున 1, 2, 3 అని అంకెలు వెయ్యి.

మొదటి కొమ్మ చూద్దాం. 'ఎక్కడ' అన్న రెమ్మకు రక్తకేశనాళికా గుచ్ఛం, బౌమన్ గుళిక. 'ఎందుకు' అన్నదానికి: రక్తం బయటికి పోయే అపవాహి ధమనిక, లోపలికి తెచ్చే అభివాహి ధమనిక కంటే సన్నం, అందుకే గుచ్ఛంలో పీడనం ఎక్కువుంటది. 'ఏం దాటుతయి' అంటే నీళ్లు, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, లవణాలు, యూరియా. రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలనే ఉంటయి. రెమ్మ మీద ఒకటి రెండు మాటలే రాయాలె, నోట్సు వాక్యం దించొద్దు.

రెండో కొమ్మ మీద ఒక లెక్క రాసుకో: రోజుకు వడకట్టేది సుమారు 180 లీటర్లు, బయటికొచ్చే మూత్రం ఒకటిన్నర లీటరు కాడ. మిగిలిందంతా రక్తంలకు వాపసు పోతది, ఆరోగ్యంగా ఉన్నోళ్లలో గ్లూకోజ్ దాదాపు మొత్తం పోతది. పునఃశోషణం ఎందుకుందో ఈ లెక్క చూస్తేనే అర్థమైతది. నాలుగో కొమ్మ మీద సంగ్రహణ నాళం, వాసోప్రెస్సిన్ వస్తయి. నీళ్లు తక్కువ తాగిన ఎండాకాలం రోజున మూత్రం ముదురు రంగులో వచ్చేది దీనివల్లనే. ఆ హార్మోన్ నియంత్రణ పాఠంలది కూడా, కాబట్టి దాని నుంచి చుక్కల గీత గీసి 'నియంత్రణ' అని రాసి వదిలెయ్యి, అక్కడ కొత్త కొమ్మ తియ్యకు.

భూగర్భ నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ దిక్కు నుంచి వచ్చే పిల్లలు ఫ్లోరైడ్ ఎక్కడ రాయాలని అడుగుతరు. శరీరంలకు ఇంకిన ఫ్లోరైడ్ బయటికి పోయే ముఖ్యమైన దారి మూత్రమే, పోనిది చాలావరకు ఎముకల్లో చేరుతది. నోట్సులో లేకున్నా అయిదో కొమ్మ మీద చిన్న రెమ్మగా పెట్టుకోవచ్చు: మూత్రపిండం పని తగ్గితే ఫ్లోరైడ్ లోపలే ఎక్కువ మిగులుతది.

నెఫ్రాన్ పటాన్ని మాత్రం మ్యాప్‌లో ఇరికించకు. పరీక్షలో భాగాలు గుర్తించి గీయమంటరు, అది వేరే కాగితం మీద చేతికి అలవాటు కావాలె. గీసుడైనంక నోట్సు మళ్లీ తిరగేసి, మ్యాప్‌లోకి ఎక్కిన వాక్యాలకు టిక్కు పెట్టు. టిక్కు పడనివి ఒకే విషయం మీద మూడు నాలుగు కనిపిస్తే అక్కడ ఒక కొమ్మ తక్కువైనట్టు. అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే పట్టికలోనో మార్జిన్‌లోనో ఉండనీ.